గోడ మీద మొదలై అరలో ముగిసే వాక్యం

కావలి

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. మీ బడి గ్రంథాలయానికి కొత్తగా రంగు వేయించారని, వరండా గోడ మీద పుస్తకాల గురించి కొన్ని వాక్యాలు రాయించబోతున్నారని మీ ఉత్తరం వల్ల తెలిసి చాలా సంతోషించాను. మీరు పంపిన పన్నెండు వాక్యాలనూ రెండుసార్లు చదివాను. తొమ్మిది, పది తరగతుల్లో పుస్తకం ముట్టుకోని తోటి విద్యార్థులను లోపలికి రప్పించడమే మీ ఉద్దేశమని రాశారు. శాఖా గ్రంథాలయాల్లో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి కనుక, ఆ ఉద్దేశానికి ఈ వాక్యాలు సరిపోతాయా లేదా అన్న ఒక్క విషయమే ఈ ఉత్తరంలో రాస్తాను.

మీ పన్నెండింటిలో తొమ్మిది వాక్యాలు పుస్తకాన్ని పొగిడేవే. పుస్తకం హస్తభూషణమనీ, మంచి మిత్రుడనీ, జ్ఞానదీపమనీ చెబుతున్నాయి. వాటిలో అబద్ధం లేదు. అయితే పుస్తకం మంచిదని ఒప్పుకోని పిల్లవాడు మీ బడిలో ఒక్కడూ ఉండడు. మంచిదని ఒప్పుకుంటూనే వాడు లోపలికి రావడం లేదు. చిరిగిన చొక్కా తొడుక్కునైనా పుస్తకం కొనుక్కోమనే మాటను కూడా ఒకరు రాశారు. అది పుస్తకం కొనవలసినవారికి చెప్పిన మాట. మీ గ్రంథాలయంలో పుస్తకం ఉచితంగా దొరుకుతుంది కాబట్టి, గోడ ముందు నిలబడి ఆ వాక్యం చదివే పిల్లవాడికి దానితో పని లేదు.

ఇంకొక సంగతి మన భాషలోనే ఉంది. బడిలో పాఠం చదవడానికీ, ఇష్టపడి కథ చదవడానికీ మనం ఒకే మాట వాడుతున్నాము. ఉదయం లేచింది మొదలు ఇంట్లో అమ్మ, బడిలో మాస్టారు, సాయంత్రం ట్యూషన్ చెప్పే అక్క అందరూ ‘చదువు, చదువు’ అనే అంటారు. అదే మాట గోడ మీద కూడా కనిపిస్తే పిల్లవాడికి పరీక్షలే గుర్తుకు వస్తాయి. అందువల్ల ‘చదవండి’, ‘చదువు’, ‘జ్ఞానం’ అనే మూడు మాటలు లేకుండా వాక్యం రాయడానికి ప్రయత్నించండి. మొదట్లో కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ మూడూ తీసేస్తే పుస్తకం గురించి గట్టిగా తెలిసిన విషయం ఏదో ఒకటి చెప్పక తప్పదు. మనకు కావలసింది కూడా అదే.

నా అనుభవంలో అటువంటి పిల్లలను కదిలించింది ఒకే రకమైన వాక్యం. అది తనంతట తాను పూర్తి కాకుండా, మిగిలిన సగం ఫలానా అరలో, ఫలానా పుస్తకంలో ఉందని చూపిస్తుంది. దాన్ని ఎలా తయారుచేయాలో ఒక ఉదాహరణతో వివరంగా చెబుతాను. పశుపోషణ పుస్తకాలున్న బీరువాను తీసుకుందాము. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో విభజించే దశాంశ వర్గీకరణలో వాటికి 636 సంఖ్య ఇస్తారు. ఏ గ్రంథాలయంలోనైనా అన్నిటికంటే తక్కువగా తెరిచే బీరువాల్లో అది ఒకటి. అట్టలు చూస్తే వ్యవసాయ శాఖ కరపత్రాల్లా ఉంటాయి. దాని మీద వాక్యం రాయమంటే ఎవరైనా మొదట ‘పశుసంపద మన సంపద’ అని రాస్తారు. ఇది నినాదం. ఊరేగింపులో పనికి వస్తుంది, అరలో వెతకడానికి ఇందులో ఏమీ లేదు. రెండో ప్రయత్నంలో ‘ఒంగోలు గిత్త గొప్పదనం తెలుసుకోండి’ అని వస్తుంది. ఇందులో ఒక ఆజ్ఞ ఉంది, ఒక పొగడ్త ఉంది, కొత్త సంగతి మాత్రం లేదు. మన ప్రాంతంలో గిత్తల బండలాగుడు పందేలు చూడని పిల్లవాడు అరుదు కనుక, గిత్త గొప్పదని వాడికి మనం చెప్పనక్కరలేదు.

అప్పుడు పుస్తకం తెరిచి, పిల్లవాడికి తెలియనిది ఏముందో వెతకాలి. పంతొమ్మిదో శతాబ్దంలో మన ఒంగోలు జాతి పశువులు ఓడల మీద బ్రెజిల్ చేరాయి. ఎండను, పురుగుపుట్రను తట్టుకునే గుణం వల్ల అక్కడ బాగా వృద్ధి చెందాయి. ఈనాడు ఆ దేశంలో మాంసం కోసం పెంచే పశువుల్లో అత్యధిక భాగం ఆ సంతతికి చెందినవే. ఇంత పెద్ద సంగతి తెలిసినా, దాన్ని అంతా గోడ మీద పెడితే పుస్తకంతో పని ఉండదు. ఇందులో పిల్లవాడికి ముల్లులా గుచ్చుకునే భాగం ఏదో చూడండి. బ్రెజిల్ వారు ఆ జాతిని ఒంగోలు అనరు, నెల్లూరు పేరు మీదుగా ‘నెలోరె’ అంటారు. ఒంగోలు వారికి ఇది అన్యాయంగా తోస్తుంది, నెల్లూరు వారికి ఆశ్చర్యంగా ఉంటుంది. ఈ రెండు ఊళ్లకూ నడుమనున్న మన కావలి పిల్లలు దాని మీద వాదించుకుంటారు. కాబట్టి వాక్యం ఇలా నిలుస్తుంది:

మన ఒంగోలు గిత్తను
బ్రెజిల్‌లో ‘నెలోరె’ అంటారు.
ఎందుకు?

కింద చిన్న అక్షరాలతో ‘636, రెండో అర, ఎర్ర చీటీ ఉన్న పుస్తకం’ అని రాయాలి. గోడ మీద జవాబు ఉండకూడదు. మీరు వాక్యం రాసేవారు కనుక మీకు చెబుతున్నాను. ఆ పశువులు ఓడ ఎక్కిన రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది, 1970లో ఇప్పుడు మనం ప్రకాశం అని పిలుస్తున్న జిల్లాలోకి వచ్చింది. అప్పటి ఇంగ్లీషు రికార్డుల్లో ఆ జాతికి నెల్లూరు పశువులన్న పేరు ఉండేది. మన దగ్గర ఊరు జిల్లా మారింది, అక్కడ పశువుకు పాత పేరే నిలిచిపోయింది. ఈ జవాబు వెతుక్కుంటూ వచ్చినవాడు పశువుల బీరువా దగ్గర మొదలుపెట్టి జిల్లాల చరిత్ర దగ్గరకు చేరుకుంటాడు. వాక్యం ఎన్నుకునేటప్పుడు నేను ముఖ్యంగా చూసేది ఇదే. జవాబు దొరకగానే ముగిసిపోయే ప్రశ్న కంటే, జవాబు ఇంకొక బీరువా వైపు తోసే ప్రశ్న మేలు.

ఎర్ర చీటీ సంగతి మరిచిపోవద్దు. పుస్తకాలకు దూరంగా ఉండే పిల్లవాడికి రెండు వందల పుటల పుస్తకం చేతికిస్తే, జవాబు ఎక్కడుందో తెలియక పది పుటలు తిప్పి పెట్టేస్తాడు. ఆ పుటలో చీటీ పెట్టి, దాని కొస పైకి కనిపించేలా ఉంచండి. వాడు ఆ రెండు పుటలే చూసి వెళ్లిపోతే నష్టం లేదు. వారం తరువాత ఆ చీటీ మరొక పుటలో కనిపిస్తే, ఎవరో ముందుకు వెళ్లారని మనకు తెలుస్తుంది.

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఒకప్పుడు నేను పనిచేసిన ఒక గ్రంథాలయంలో, సముద్రంలో మునిగిన ఓడ గురించి మంచి ప్రశ్న ఒకటి గోడ మీద రాయించాను. రాయించే ముందు అరలో పుస్తకం ఉందో లేదో చూడలేదు, జాబితాలో ఉంది కదా అనుకున్నాను. అది ఎప్పుడో బయటికి వెళ్లి తిరిగి రాలేదు. ఎప్పుడూ లోపలికి రాని ఒక కుర్రవాడు ఆ ప్రశ్న కోసం వచ్చి, అర మొత్తం వెతికి, ఖాళీ చేతులతో వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ కుర్రవాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. పుస్తకం చేత్తో తీసి, జవాబున్న పుట కళ్లతో చూసిన తరువాతే వాక్యం గోడ ఎక్కాలి. ఒకే ప్రతి ఉంటే, గోడ మీద ప్రశ్న ఉన్నన్నాళ్లు దాన్ని ఇంటికి ఇవ్వకుండా అక్కడే కూర్చుని చూసుకోమనండి.

మీ పన్నెండింటిలో నాకు అన్నిటికంటే నచ్చిన వాక్యం ‘కట్లపాము కరిస్తే నొప్పి తెలియకపోవచ్చు. మరి కరిచిందని తెలిసేదెలా?’ అన్నది. ఎవరు రాశారో గానీ, రాత్రి నేల మీద చాప పరుచుకుని పడుకునే పల్లె పిల్లలకు ఇది వెంటనే తగులుతుంది, పైగా ఇందులో చెప్పిన విషయం నిజం. కానీ దీన్ని ఇలాగే రాయించవద్దు. జవాబును దాచి ఉంచడం గిత్త పేరు విషయంలో సరదాగా ఉంటుంది, ప్రాణానికి సంబంధించిన విషయంలో తగదు. పుస్తకం తెరవనివాడు కూడా ఆ గోడను చూస్తాడు. కాబట్టి ‘అనుమానం ఉన్నా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి’ అని ప్రశ్నతో సమానమైన అక్షరాలతో గోడ మీదే రాసి, నొప్పి ఎందుకు తెలియదు, విషం శరీరంలో ఏమి చేస్తుంది అన్నవి మాత్రం పుస్తకానికి వదలండి. అలా రాసినా వాక్యంలో పట్టు తగ్గదు.

ఇక రాత పని. అక్షరాల ఎత్తుకు బోర్డులు రాసేవారి మోటు లెక్క పది అడుగుల దూరానికి ఒక అంగుళం. మీ వరండా గేటు నుంచి గోడకు ఇరవై అడుగులని రాశారు కాబట్టి రెండు అంగుళాలు సరిపోవాలి. కానీ తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కనుక మూడు అంగుళాలు పెట్టించండి. రెండు వరుసల నడుమ కనీసం ఒక అక్షరమంత ఖాళీ వదలమనండి. లేకపోతే ‘గిత్తను’లోని తవత్తు కింది వరుసలోని మాటకు తగిలి, దూరం నుంచి రెండు మాటలూ కలిసిపోతాయి. వరుస ఎక్కడ విరగాలో మీరే కాగితం మీద రాసి ఇవ్వండి. చోటు చాలడం లేదని పెయింటరు ‘ఒంగోలు’ను ఒక వరుసలో, ‘గిత్తను’ను తరువాతి వరుసలో పెడితే వాక్యం నడక కుంటుపడుతుంది.

అన్నిటికంటే ముందు ఆలోచించవలసింది, ఇవి ఎనామిల్ రంగుతో శాశ్వతంగా రాయించవలసినవి కావు. బడిలో జవాబు అందరికీ తెలిసిపోయిన రోజున ఆ ప్రశ్న గోడలో భాగమైపోతుంది, ఎవరూ దాని వైపు చూడరు. అందుకని గోడ మీద ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు మేర నల్లబల్ల రంగు వేయించి, అందులో సుద్దముక్కతో రాయండి. వాక్యం ఎన్నాళ్లు ఉంచాలో ఇష్యూ రిజిస్టరు, చీటీ కదలిక చెబుతాయి. ఆ అరలోని పుస్తకాల కోసం వారం రోజుల పాటు ఎవరూ అడగకపోతే, వాక్యం పట్టలేదని గాని పాతబడిందని గాని అర్థం. రాసిన మొదటి వారంలోనే అలా జరిగితే పిల్లలను తప్పుపట్టకండి, వాక్యాన్ని మార్చండి.

పన్నెండింటిలో పాము వాక్యాన్ని పైన చెప్పినట్టు సవరించి, ఉదయగిరి కోట గురించి రాసిన దానితో కలిపి అట్టిపెట్టండి. కోట వాక్యంలో ‘ఘనచరిత్ర’ అన్న మాట తీసేసి, దాని బదులు మీరు పుస్తకంలో చూసి ఆశ్చర్యపోయిన ఒక్క వివరం పెట్టండి. ఆ వివరం ఏ పుస్తకంలో, ఏ పుటలో ఉందో కూడా రాసి పంపండి. వచ్చే ఆదివారం లోపల అందితే చూసి తిప్పి పంపుతాను.

ఇట్లు,
మీ లైబ్రరీ తాతయ్య