సబ్సిడియరీయా, అసోసియేటా: 50 శాతం గీత చుట్టూ అల్లుకున్న అపోహలు

ఒంగోలులో చార్టర్డ్ అకౌంటెంటుగా పనిచేస్తున్న నాకు మార్చి నెల దగ్గర పడే కొద్దీ తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "సార్, ఆ కంపెనీలో మా వాటా 50కి లోపే ఉంచితే లెక్కలు కలపనక్కర్లేదట గదా?" అడిగేవారిలో చీమకుర్తి వైపు క్వారీలు, పాలిషింగ్ ఫ్యాక్టరీలు నడిపే కుటుంబాలు ఎక్కువ. ఈ మాట ఎవరు పుట్టించారో గాని, దాన్ని నమ్మి చేతిలో ఉన్న వాటాను వదులుకున్నవారిని నేను చూశాను.

అపోహ: సగానికి మించి వాటా లేకపోతే అది సబ్సిడియరీ, అంటే మన అదుపులో ఉన్న కంపెనీ, కాదు; దాని లాభంలో మన వాటాను మాత్రమే పెట్టుబడి విలువకు కలిపే ఈక్విటీ మెథడ్ సరిపోతుంది.

వాస్తవం: కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 2(87) రెండు దారులు చెబుతుంది. ఓటు హక్కులో సగానికి మించి చేతిలో ఉండటం ఒకటి, డైరెక్టర్ల బోర్డు కూర్పు మీద అదుపు ఉండటం రెండోది. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది సబ్సిడియరీయే. లెక్కలు కలపడం గురించి చెప్పే అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 21 కూడా ఇదే గీత గీస్తుంది. వేరెవరి సమ్మతీ లేకుండా బోర్డులో మెజారిటీ డైరెక్టర్లను నియమించే, తొలగించే అధికారం మీకుంటే, మీ వాటా 48 శాతమైనా 30 శాతమైనా రెండు కంపెనీల లెక్కలూ కలిపే పూర్తి కన్సాలిడేషన్ తప్పదు. 20 శాతం ఓటు హక్కు అనే అంకె అసోసియేట్‌ను, అంటే అదుపు లేకుండా గణనీయమైన పలుకుబడి మాత్రమే ఉన్న కంపెనీని, గుర్తించడానికి పనికొస్తుందే తప్ప, అదుపు ఉన్న కంపెనీని అసోసియేట్‌గా మార్చదు.

ఒక కుటుంబం విషయం చెబుతాను. అంకెలను మాత్రం గుర్తు పట్టకుండా మార్చాను. వారి క్వారీ కంపెనీ ఒక పాలిషింగ్ ఫ్యాక్టరీలో 60 శాతం కొనగలిగి ఉండి కూడా 48 దగ్గర ఆగి, మిగిలిన 12 శాతాన్ని ఇంటి అల్లుడి పేరిట కొనిపించింది. అల్లుడి సొంత వాటాను కంపెనీ వాటాతో కలిపి లెక్కించరు కాబట్టి అంతవరకు వారి ఆలోచన సరైనదే. అయితే ఫ్యాక్టరీ కంపెనీ నియమావళి అయిన ఆర్టికల్స్‌లో, అయిదుగురు డైరెక్టర్లలో ముగ్గురిని క్వారీ కంపెనీయే నియమిస్తుందని, వారిని తొలగించే హక్కు కూడా దానిదేనని వారే రాయించుకున్నారు. ఆ ఒక్క క్లాజుతో అది మొదటి రోజు నుంచీ సబ్సిడియరీ అయిపోయింది. తప్పించుకోవాలనుకున్న కన్సాలిడేషన్ తప్పలేదు, 12 శాతం లాభం మాత్రం ఏటా కంపెనీ చేతికి రాకుండా పోతోంది.

ఇంత పాట్లు పడటానికి కారణం భయం. "కలిపితే దాని అప్పు మా నెత్తిన ఎక్కుతుంది గదా" అన్నారు ఆ ఇంటి పెద్దాయన. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే బ్యాలెన్స్ షీటులో అప్పు ఒక్కసారిగా పెరిగి కనిపిస్తే ఎవరికైనా గుండె జారుతుంది. అందుకే కాగితం మీద రెండు పద్ధతుల్లోనూ లెక్క వేసి చూపించాను.

ఏప్రిల్ 1న ఫ్యాక్టరీ నికర ఆస్తులు 10 కోట్లు. అందులో 48 శాతాన్ని క్వారీ కంపెనీ 5.30 కోట్లకు కొన్నది. నికర ఆస్తుల్లో దాని వాటా 4.80 కోట్లు కనుక, ఎక్కువ ఇచ్చిన 50 లక్షలు గుడ్‌విల్. ఆ ఏడాది ఫ్యాక్టరీకి 2 కోట్ల లాభం వచ్చింది, అందులోంచి 50 లక్షలు మధ్యంతర డివిడెండుగా పంచింది. ఈక్విటీ మెథడ్‌లో అయితే 5.30 కోట్ల పెట్టుబడికి లాభంలో వాటా 96 లక్షలు కలిపి, చేతికొచ్చిన డివిడెండు 24 లక్షలు తీసివేస్తాం. 6.02 కోట్లు మిగులుతుంది. బ్యాలెన్స్ షీటులో ఈ ఒక్క వరుసే కనిపిస్తుంది. ఫ్యాక్టరీ అమ్మకాలు గాని, బ్యాంకు అప్పు గాని ఎక్కడా కనపడవు.

పూర్తి కన్సాలిడేషన్‌లో ఫ్యాక్టరీ ఆస్తులు, అప్పులు, అమ్మకాలు వరుస వరుసగా నూటికి నూరు శాతం కలుస్తాయి. మన వాటా 48 కాబట్టి 48 శాతమే కలపాలనుకోవడం కూడా తప్పే. క్వారీకి 20 కోట్లు, ఫ్యాక్టరీకి 15 కోట్లు బ్యాంకు అప్పు ఉంటే 35 కోట్లు కనిపిస్తాయి. దానికి ఎదురుగా, ఏడాది చివర ఉన్న 11.50 కోట్ల నికర ఆస్తుల్లో ఇతరుల 52 శాతం, అంటే 5.98 కోట్లు, మైనారిటీ ఇంటరెస్ట్‌గా విడిగా నిలుస్తుంది. 11.50 కోట్లకు గుడ్‌విల్ 50 లక్షలు కలిపి 5.98 తీసివేస్తే మళ్లీ అదే 6.02 కోట్లు వస్తుంది. లాభంలో క్వారీ వాటాదారులకు చెందేది కూడా అదే 96 లక్షలు. సొంతదారుల సొమ్ము మారలేదు, మారింది చూపించే తీరు. అప్పుకూ సొంత నిధికీ ఉన్న నిష్పత్తి మాత్రం నిజంగానే పెరుగుతుంది కనుక, మీ బ్యాంకు షరతులు విడి లెక్కల మీద ఉన్నాయా, కలిపిన లెక్కల మీద ఉన్నాయా అన్నది మంజూరు పత్రంలో ముందే చూసుకోవాలి.

ఫ్యాక్టరీ అప్పు మీ మీదకు వచ్చేది కన్సాలిడేషన్ వల్ల కాదు, మీ కంపెనీ ఇచ్చిన కార్పొరేట్ గ్యారంటీ వల్ల. ఆ సంతకం ఉంటే ఈక్విటీ మెథడ్ కూడా కాపాడదు. మామూలుగా అసోసియేట్ నష్టాల్లో మన వాటాను పెట్టుబడి విలువ సున్నా అయ్యేదాకా చూపి ఆపేస్తాం. గ్యారంటీ ఇచ్చి ఉంటే ఆ బాధ్యత మేరకు ఆ తరువాత కూడా చూపవలసి వస్తుంది.

రెండు పద్ధతులూ లాభంలో తేడా చూపే చోటు స్టాకు యార్డు. క్వారీ ఆ ఏడాది ఫ్యాక్టరీకి 12 కోట్ల బ్లాకులు అమ్మిందనుకుందాం. మార్చి 31న యార్డులో, పెయింటుతో నంబరు, కొలతలు రాసి ఉన్న ఆ బ్లాకుల్లో కొన్ని ఇంకా కోతకు వెళ్లలేదు. వాటిలో క్వారీ వేసుకున్న లాభం 25 లక్షలు. కన్సాలిడేషన్‌లో 12 కోట్ల అమ్మకం, కొనుగోలు రెండూ ఎగిరిపోతాయి, ఆ 25 లక్షల లాభం మొత్తం తీసేస్తాం. ఈక్విటీ మెథడ్‌లో అమ్మకం అలాగే ఉంటుంది, లాభంలో మన వాటా మేరకు 12 లక్షలే తీసేస్తాం. స్టాకు జాబితాలో ఏ బ్లాకు ఏ క్వారీదో రాయకపోతే ఈ లెక్క తేలదు. ప్రతి ఏటా మా ఆఫీసులో రెండు రోజులు దీనికే పోతాయి.

మిగిలిన వదంతులకు ఇంత చోటు ఇవ్వనవసరం లేదు. 96 లక్షలు లాభంగా చూపించారు కాబట్టి దాని మీద పన్ను కట్టాలనేది తప్పు. పన్ను లెక్కకు వచ్చేది డివిడెండుగా అందిన 24 లక్షలే. ఆ 96 లక్షలను చూసుకుని మన వాటాదారులకు డివిడెండు ప్రకటించడమూ కుదరదు, డివిడెండు కంపెనీ సొంత లాభాల్లోంచే ఇవ్వాలి. విడి లెక్కల్లో ఆ పెట్టుబడి, పెట్టుబడుల స్టాండర్డ్ అయిన ఏఎస్ 13 ప్రకారం, 5.30 కోట్ల దగ్గరే ఉంటుంది. శాశ్వతంగా విలువ పడిపోతేనే తగ్గిస్తాం.

సబ్సిడియరీ లేదు, అసోసియేట్ ఒక్కటే ఉంది, కాబట్టి కన్సాలిడేటెడ్ లెక్కలు అక్కర్లేదన్నదీ తప్పే. సెక్షన్ 129(3) రెండింటినీ పేర్కొంటుంది, ఈ కంపెనీల వివరాలిచ్చే ఏఓసీ-1 ఫారంలో అసోసియేట్లకు వేరే భాగమే ఉంది.

ఇప్పటికే 60 శాతం ఉన్నవారు 12 శాతాన్ని బంధువులకు ముఖవిలువకు రాసిచ్చే ముందు ఒక్క మాట వినాలి. అమ్మేది కంపెనీ కనుక, లిస్టు కాని షేర్లను సరసమైన విలువకంటే తక్కువకు ఇచ్చినా ఆ విలువకే అమ్మినట్లు లెక్కించి మూలధన లాభం పన్ను వేస్తారు. పుచ్చుకున్నవారికి ఆ తేడా ఆదాయం కావచ్చు. బంధువు ఇచ్చిన కానుకకు ఉండే మినహాయింపు కంపెనీ నుంచి వచ్చినదానికి వర్తించదు. షేర్లు చేతులు మారాక నా దగ్గరకు వస్తే నేను చేయగలిగింది తక్కువ. ముందే వచ్చేవారు ఆర్టికల్స్, వాటాదారుల ఒప్పందం, బ్యాంకుకు ఇచ్చిన గ్యారంటీ పత్రాల నకళ్లు తెచ్చుకుంటే, అది సబ్సిడియరీయో కాదో ఆ పూటే తేలిపోతుంది.