మునిమాపు నీలిమ, కిటికీ వెలుగు: భవనాల ఫోటోగ్రఫీలో అపోహలు - వాస్తవాలు

సూర్యుడు అస్తమించాక ఆకాశంలోని వెలుగు నిమిషనిమిషానికీ తగ్గిపోతూ ఉంటుంది. ఇంట్లో వెలిగించిన దీపాలు మాత్రం ఎంత వెలుగునిస్తున్నాయో అంతే ఇస్తూ ఉంటాయి. తగ్గుతున్న ఆ వెలుగు, మారని ఈ వెలుగు ఒకే స్థాయికి వచ్చే కొద్ది నిమిషాల్లోనే భవనం బయటి దృశ్యం ఆకాశపు నీలిమతోనూ కిటికీల వెచ్చదనంతోనూ సమంగా కనిపిస్తుంది. దీనికి కొంచెం ముందు తీస్తే కిటికీలు నిర్జీవంగా ఉంటాయి, కొంచెం ఆలస్యమైతే నల్లని ఆకాశం మీద పసుపు డబ్బాల్లా కనిపిస్తాయి. చాలాకాలంగా ఈ పనే చేస్తున్నవాణ్ణి కనుక, కొత్తగా వచ్చినవారి నోటా ఇంటి యజమానుల నోటా తరచుగా వినే కొన్ని అభిప్రాయాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: అస్తమయం తర్వాతి నీలివేళ, అంటే బ్లూ అవర్, గంటసేపు ఉంటుంది, తీరిగ్గా తీసుకోవచ్చు.

పేరులో గంట ఉన్నా, సమతూకం నిలిచే సమయం భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో నాలుగైదు నిమిషాలకు మించదు. నిర్మలమైన ఆకాశం ఉన్న రోజున అస్తమయ సమయంలో నేలమీద పడే వెలుగు సుమారు 400 లక్స్ ఉంటుంది. సూర్యుడు క్షితిజానికి 6 డిగ్రీలు కిందికి దిగేసరికి, అంటే పౌర సంధ్య ముగిసేసరికి, అది దాదాపు మూడున్నర లక్స్‌కు పడిపోతుంది. ఫోటోగ్రఫీ భాషలో ఇది ఏడు స్టాప్‌ల తగ్గుదల. ఒక స్టాప్ అంటే వెలుగు సగమైపోవడం కనుక, ఇరవై రెండు నిమిషాల వ్యవధిలో వెలుగు ఏడుసార్లు సగమవుతుందన్నమాట. పైగా ఈ తగ్గుదల మొదట్లో కొంత నింపాదిగా సాగి, చివరికి వచ్చేసరికి వేగం పుంజుకుంటుంది. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు కనుక ఇదే మార్పుకు ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. అక్కడ పనిచేసేవారికి ఉన్నంత వెసులుబాటు మనకు ఉండదు.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండంతస్తుల ఇల్లు, కింద హాలుకు పెద్ద అద్దాల కిటికీ, పైన రెండు పడకగదులు, గుమ్మం ముందు ఒక దీపం. ఎఫ్/8, ఐఎస్ఓ 100 దగ్గర పెట్టి, ఒక చిన్న చోటి వెలుగును మాత్రమే కొలిచే స్పాట్ మీటర్‌తో హాలు లోపలి గోడను కొలిస్తే షట్టర్ 1 సెకను తెరిచి ఉంచాలని చూపింది; వెలుగు తగ్గేకొద్దీ ఈ సమయం పెరుగుతుంది. దీపాలు మారవు కనుక ఆ సాయంత్రమంతా ఆ సంఖ్య అలాగే ఉంటుంది. ఇంటి కప్పుకు పైనున్న ఆకాశం మాత్రం అస్తమయ సమయంలో సెకనులో పదిహేనో వంతు చూపింది. ఎనిమిది నిమిషాల తర్వాత పావు సెకను, పదకొండు నిమిషాలకు అర సెకను, పద్నాలుగు నిమిషాలకు 1 సెకను, పదిహేడు నిమిషాలకు 2 సెకన్లు, ఇరవై నిమిషాలు కాకముందే 4 సెకన్లు. రెండు సంఖ్యలూ కలిసింది పద్నాలుగో నిమిషంలో. అయినా నేను షట్టర్ నొక్కింది పదిహేడో నిమిషంలో, 2 సెకన్లకు.

కారణం ఏమిటంటే, కిటికీ ఆకాశంతో కచ్చితంగా సమానమైనప్పుడు చూసేవారికి అక్కడ దీపం వెలుగుతున్నట్లు అనిపించదు; అదొక లేతరంగు గోడలా మాత్రమే కనిపిస్తుంది. లోపలి గోడ ఆకాశం కంటే ఒక స్టాప్ ఎక్కువగా ఉన్నప్పుడు కిటికీ వెలుగుతున్నట్లూ ఉంటుంది, ఆకాశం తన రంగును నిలుపుకున్నట్లూ ఉంటుంది. నా లెక్కలో అర స్టాప్ నుంచి ఒకటిన్నర స్టాప్ వరకు ఆమోదయోగ్యం. రెండు దాటితే కిటికీదే పైచేయి.

ఈ లెక్కలో మూడో పక్షం ఒకటుంది, దాన్ని చాలామంది మరచిపోతారు: భవనం బయటి గోడ. నిలువు గోడకు సగం ఆకాశం మాత్రమే కనిపిస్తుంది, తనపై పడిన వెలుగులో కొంత భాగాన్నే అది తిరిగి పంపిస్తుంది. అందువల్ల లేతరంగు గోడ కూడా ఆకాశం కంటే రెండు స్టాప్‌లు తక్కువలోనే ఉంటుంది. పై ఉదాహరణలో ఆకాశం 2 సెకన్లు చూపినప్పుడు గోడ 8 సెకన్లు చూపింది. కెమెరా నమోదు చేసింది నమోదు చేసినట్లే ఉంచే రా ఫైలులో ఒక స్టాప్ పెంచుకుంటే గోడ బాగానే నిలుస్తుంది. ముదురు రాయి, ఎర్ర ఇటుక అయితే అది చాలదు. అలాంటప్పుడు నాలుగైదు నిమిషాల ముందు, ట్రైపాడ్ కదపకుండా, గోడ కోసం ఒక ఫ్రేము తీసి పెట్టుకుని, తర్వాత దాన్ని పలుచగా కలపడం మంచి పద్ధతి.

అపోహ: ఎప్పుడు తీసినా పర్వాలేదు, బ్రాకెటింగ్ చేసి ఫ్రేములు కలిపేస్తే సరిపోతుంది.

బ్రాకెటింగ్, అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లతో వరుసగా తీయడం, వెలుగునీడల మధ్య ఉన్న అంతరాన్ని కెమెరా పరిధిలోకి తెస్తుంది. కానీ ఆ క్షణాన అద్దం మీద ఏముందో దాన్ని మార్చలేదు. ఒక పొర మామూలు గాజు, ఎదురుగా చూసినప్పుడు, తన మీద పడిన వెలుగులో సుమారు 8 శాతాన్ని, అంటే పన్నెండో వంతును, వెనక్కి పంపుతుంది. అస్తమయ సమయంలో మన ఇంటి ఆకాశం హాలు గోడ కంటే నాలుగు స్టాప్‌లు, అంటే పదహారు రెట్లు, ఎక్కువ వెలుగుతో ఉంది. కెమెరా వెనుకనున్న ఆకాశం కూడా ఇంచుమించు అంతే అనుకుంటే, దాని ప్రతిబింబం లోపలి గోడ కంటే కూడా కొంచెం ఎక్కువ వెలుగుతో అద్దం మీద పరుచుకుంటుంది. దీపాలన్నీ వెలుగుతున్నా కిటికీలు బూడిదరంగులో చచ్చుబడినట్లు కనిపించడానికి కారణం ఇదే. ఎన్ని ఫ్రేములు తీసినా అన్నింటిలోనూ గదీ ప్రతిబింబమూ కలిసే ఉంటాయి కనుక వాటిని విడదీయడం సాధ్యపడదు. పదిహేడో నిమిషానికి ఆకాశపు వెలుగు హాలు గోడ వెలుగులో సగమైంది, దాని ప్రతిబింబం ఆ గోడ వెలుగులో ఇరవై నాలుగో వంతుకు దిగిపోయింది, గది తేటగా బయటపడింది. రెండు పొరల గాజులో ప్రతిబింబం ఇంచుమించు రెట్టింపవుతుంది. పూత పూసిన గాజులో అంతకంటే ఎక్కువ కావచ్చు. అలాంటి భవనాలకు సమతూకపు ఘడియ మరికొంత ఆలస్యంగా వస్తుంది.

పూర్తిగా చీకటి పడ్డాక తీసిన కిటికీలను సాయంత్రపు ఆకాశం ఉన్న ఫ్రేములో అతికించడం ఇంకొక అలవాటు. అది నాకు నచ్చదు, ఎందుకంటే నేల దాన్ని వెంటనే పట్టిస్తుంది. కిటికీలోంచి పడే వెలుగు ముంగిట్లో ఒక మరకలా పరుచుకుంటుంది. సమతూకం కుదిరినప్పుడు ఆ మరక ఉందా లేదా అన్నంత పలుచగా, అంచులు కరిగిపోయి ఉంటుంది. అంచులు స్పష్టంగా కనిపిస్తే ఆకాశం ఓడిపోయిందనీ, మరకే లేకపోతే ఇంకా సమయం రాలేదనీ అర్థం. నేను మీటర్ చూడడం కంటే ముందు ఆ గచ్చు వైపు చూస్తాను.

అపోహ: ఇంట్లో దీపాలన్నీ పూర్తి వెలుగులో పెడితేనే ఫోటోకు కళ వస్తుంది.

మొదటి సంవత్సరాల్లో నేనూ ఇలాగే అనుకుని ఒక పని పాడు చేసుకున్నాను. హాలు గోడకు లెక్క సరిగ్గానే వేసుకున్నాను. గుమ్మం దీపం మాత్రం తన పక్కనున్న తెల్లగోడను హాలు కంటే మూడు స్టాప్‌లు ఎక్కువగా వెలిగిస్తోంది. తలుపు చుట్టూ తెల్లటి రంధ్రంలాంటి మచ్చ పడింది, పై గదులు మసకగా మిగిలాయి. ఆకాశానికీ ఇంటికీ సమతూకం చూసేముందు, ఇంటి దీపాల మధ్య సమతూకం కుదిరిందో లేదో చూడాలన్న సంగతి అప్పుడు తెలిసింది.

ఇప్పుడు అస్తమయానికి గంట ముందే వెళ్లి, కర్టెన్లు మూసి, ఒక్కొక్క గదిలో దీపం వేసి గోడను కొలుస్తాను. కొలవవలసింది గోడనే కాని బల్బును కాదు. బల్బు ఎలాగూ తెల్లగా పోతుంది, దానితో నష్టం లేదు. గదుల మధ్య తేడా ఒక స్టాప్ లోపల ఉండేటట్లు డిమ్మర్ తగ్గించడమో, తక్కువ వాట్ల బల్బు మార్చడమో చేస్తాను. గుమ్మం దీపానికి డిమ్మర్ లేకపోతే ప్రధాన ఫ్రేముకు దాన్ని ఆర్పేసి, వెంటనే అదే నిమిషంలో దాన్ని వెలిగించి, తక్కువ ఎక్స్‌పోజర్‌తో మరో ఫ్రేము తీసుకుంటాను. వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు, సంఖ్య పెరిగేకొద్దీ రంగు నీలంవైపు జరుగుతుంది; ఒకే గదిలో 3000 కెల్విన్ దీపంతోపాటు 6500 కెల్విన్ ట్యూబ్‌లైట్ కూడా ఉంటే ట్యూబ్‌లైటే ఆర్పాలి. దాని వెలుగు ఆకాశపు నీలంవైపు మొగ్గుతుంది కనుక, మనం కోరుకున్న వెచ్చదనాన్ని అది కాజేస్తుంది.

అపోహ: ఆ నీలం ఎడిటింగ్‌లో వచ్చేదే.

మితిమీరిన నీలం ఎడిటింగ్‌లోదే కావచ్చు, అసలు నీలం మాత్రం ఆకాశానిదే. సూర్యకిరణాలు క్షితిజానికి ఆనుకుని వాతావరణంలో చాలా దూరం ప్రయాణించేటప్పుడు, ఎగువనున్న ఓజోన్ వాటిలోని నారింజ, ఎరుపు ఛాయలను పీల్చుకుంటుంది. అస్తమయ వేళ నడినెత్తిన కనిపించే నీలిమలో అధికభాగం ఓజోన్ వల్లనేనని 1953లో ఎడ్వర్డ్ హల్బర్ట్ లెక్కకట్టి చూపాడు. ఎడిటింగ్‌లో మన చేతిలో ఉన్నది వైట్ బ్యాలెన్స్, అంటే ఏ వెలుగును తెలుపుగా చూపాలో నిర్ణయించడం, మాత్రమే. దీపాలకు అనుగుణంగా 3000 కెల్విన్ పెడితే గది తెల్లబడి, బయటి గోడ ఊదారంగులోకి పోతుంది. 5500 పెడితే కిటికీలు నారింజ రంగులో మండుతాయి. నేను సాధారణంగా 4000 దగ్గర మొదలుపెట్టి, బయటి గోడ తన రంగులో ఉన్నట్లు నమ్మకం కలిగేవరకు జరుపుతాను.

అపోహ: అస్తమయ సమయం తెలిస్తే చాలు, ఏ దిక్కుకు తిరిగి తీసినా లెక్క ఒకటే.

పడమటి ఆకాశం క్షితిజం దగ్గర ఆలస్యంగా చీకటి పడుతుంది. తూర్పున మాత్రం భూమి నీడ ముదురు పట్టీలా కింది నుంచి పైకి లేస్తూ, ఇంటి వెనుకనున్న ఆకాశాన్ని ముందుగానే మింగేస్తుంది. పడమటి ఇంటికి అలవాటుపడ్డ పదిహేడు నిమిషాల లెక్కతో తూర్పు వైపు తిరిగి తీస్తే, అప్పటికే ఆలస్యమై ఉంటుంది. ఆ దిక్కున కెమెరా పెట్టినప్పుడు నేను పదో నిమిషం నుంచే కొలవడం మొదలుపెడతాను. దానికి ప్రతిఫలంగా బయటి గోడ పడమటి వెలుగును నేరుగా అందుకుంటుంది కనుక గోడ కోసం వేరే ఫ్రేము అవసరం చాలావరకు తప్పుతుంది.

తెల్లవారుజామున ఇదంతా తలకిందులుగా నడుస్తుంది. చీకటిలో దీపాలను సరిచేసుకుని, ఆకాశం పైకి వచ్చి కిటికీలను అందుకునేవరకు ఎదురుచూడాలి. ఉదయించే వేళకు ముందు పదిహేడో నిమిషం ప్రాంతంలో సమతూకం వస్తుంది కనుక, కనీసం గంటన్నర ముందే ఇంటివారిని నిద్ర లేపవలసి ఉంటుంది. అందుకు ఒప్పుకున్న యజమానులు ఇంతవరకు నాకు ఇద్దరే దొరికారు.