చిన్న యూనిట్‌కి అంత పెద్ద వెయిటా? అపోహలు – వాస్తవాలు

అపోహ: శాంపిల్ సర్వేలో పెద్ద యూనిట్లకు ఎంపికలో ఎక్కువ అవకాశం ఇచ్చాం కాబట్టి లెక్కలోనూ వాటికే ఎక్కువ వెయిట్ ఉండాలి. లేదంటే శాంపిల్ సగటును మొత్తం యూనిట్ల సంఖ్యతో గుణిస్తే చాలు.

ఎక్కువగా నష్టం చేసేది ఇదే. నిజం దీనికి సరిగ్గా తలకిందులు. శాంపిల్‌లోకి తేలిగ్గా వచ్చే యూనిట్‌కి వెయిట్ తక్కువ, అరుదుగా వచ్చేదానికి ఎక్కువ. హోర్విట్జ్, థాంప్సన్ 1952లో రాసిన సూత్రం చెప్పేది ఇంతే:

```
T = Σ y_i / π_i
```

ఇక్కడ T అంటే మొత్తం అంచనా, y_i అంటే ఒక యూనిట్ విలువ, π_i అంటే ఆ యూనిట్ శాంపిల్‌లో ఉండే సంభావ్యత. 1/π_i దాని వెయిట్. కూడిక శాంపిల్‌లో ఉన్న యూనిట్ల మీదే.

నాలుగు వర్క్‌షాపులు ఉన్నాయనుకుందాం. పనివాళ్లు వరసగా క 10, ఖ 20, గ 30, ఘ 40 మంది. వారంలో తయారైన సామాన్లు 12, 18, 33, 44, అంటే అసలు మొత్తం 107. పనివాళ్ల సంఖ్యకు తగ్గట్టు రెండు వర్క్‌షాపులను ఎంచాలి. అప్పుడు π విలువలు 0.2, 0.4, 0.6, 0.8. వీటిని కూడితే 2 రావాలి, వచ్చింది. శాంపిల్ సైజుతో ఈ కూడిక సరిపోలకపోతే అక్కడే ఆగి తప్పు వెతకండి.

సిస్టమాటిక్ పద్ధతిలో π విలువలను వరసగా కూడుతూ పోతాం: 0.2, 0.6, 1.2, 2.0. సున్నాకీ ఒకటికీ మధ్య ఒక యాదృచ్ఛిక సంఖ్య తీసుకుని, అది ఎవరి వాటాలో పడిందో వాళ్లనీ, దానికి 1 కలిపితే ఎవరి వాటాలో పడుతుందో వాళ్లనీ ఎంచుతాం. ఇలా మూడు శాంపిల్స్ మాత్రమే సాధ్యం: క-గ (సంభావ్యత 0.2), ఖ-ఘ (0.4), గ-ఘ (0.4).

ఒక్కో ఉత్పత్తిని దాని π తో భాగిస్తే 60, 45, 55, 55. కాబట్టి మూడు శాంపిల్స్ ఇచ్చే అంచనాలు 115, 100, 110. వాటి సంభావ్యతలతో గుణించి కూడితే 23 + 40 + 44 = 107. అసలు మొత్తం అదే.

ఇప్పుడు వెయిట్లు వదిలేసి సగటును 4తో గుణించండి. 90, 124, 154 వస్తాయి. సంభావ్యతలతో గుణించి కూడితే వాటి సగటు 129.2. పెద్ద వర్క్‌షాపులు మళ్లీ మళ్లీ శాంపిల్‌లోకి వస్తాయి కాబట్టి మొత్తం సగటున పైకే లాగుతుంది. సర్వే ఎన్నిసార్లు చేసినా ఈ 22.2 తేడా పోదు.

‘క’కి వెయిట్ 5 అని చూసి కంగారుపడేవాళ్లను అర్థం చేసుకోగలం. కానీ దాన్ని చేత్తో 2కి తగ్గించకండి. ఐదుసార్లలో ఒక్కసారే కనబడుతుంది కాబట్టి, కనబడిన ఆ ఒక్కసారి మిగతా నాలుగుసార్ల లోటూ అదే తీర్చాలి.

అపోహ: ఈ పద్ధతి అన్‌బయాస్డ్, అంటే సాధ్యమైన శాంపిల్స్ అన్నిటి మీద సగటు అసలు మొత్తమే, కాబట్టి నా చేతిలోని అంచనా అసలుకు దగ్గరగానే ఉంటుంది.

పైన అంచనాలు 100 నుంచి 115 లోపే ఉన్నాయంటే కారణం ఉత్పత్తి పనివాళ్ల సంఖ్యకు దాదాపు అనులోమంగా ఉండడమే. అదే శాంపిల్‌తో వేరే ప్రశ్న వేయండి: ఒక్కో వర్క్‌షాపుకి సైజుతో సంబంధం లేకుండా 5 తనిఖీలు జరిగాయి, మొత్తం 20. ఇప్పుడు మూడు అంచనాలు 33.3, 18.75, 14.6. సగటు ఇప్పటికీ 20నే, కానీ ఏ ఒక్క శాంపిల్‌ని నమ్ముకున్నా చిక్కే.

దీన్ని పసిగట్టే దారి ఉంది. శాంపిల్‌లోని వెయిట్లను కూడి, మొత్తం యూనిట్ల సంఖ్యతో పోల్చండి. క-గ వస్తే ఆ కూడిక 6.67, అసలు యూనిట్లు 4. అంచనాను 6.67తో భాగించి 4తో గుణిస్తే తనిఖీలు సరిగ్గా 20 వస్తాయి. ఇదే హాయెక్ సర్దుబాటు. అలాగని ప్రతిదానికీ వాడకండి. ఉత్పత్తికి వాడితే 115 కాస్తా 69 అవుతుంది. సైజుతో పాటు పెరిగే విషయానికి ఇది చేటే చేస్తుంది.

అపోహ: π అంటే ఒక్కసారి తీసినప్పుడు వచ్చే అవకాశమే.

కాదు. ‘ఘ’కి ఒక్క డ్రాలో 0.4, రెండు యూనిట్ల శాంపిల్‌లో 0.8. 0.4తో భాగిస్తే మొత్తం రెట్టింపవుతుంది. తీసినదాన్ని పక్కనపెట్టి, మిగిలినవాటి నుంచి సైజు ప్రకారం రెండోది తీసే పద్ధతైతే ‘ఘ’ π 0.8 కూడా కాదు, సుమారు 0.716. ఎలా ఎంచారో రాసిపెట్టుకోకపోతే తర్వాత వెయిట్లు కట్టలేరు.

అపోహ: శాంపిల్‌ని బట్టి అంచనా ఎంత మారుతుందో చెప్పే వేరియన్స్ ఎలాగూ సాఫ్ట్‌వేరే ఇస్తుంది.

మన సిస్టమాటిక్ ఎంపికలో క-ఖ, క-ఘ, ఖ-గ జంటలు ఎప్పటికీ కలిసి రావు, వాటి ఉమ్మడి సంభావ్యత సున్నా. అలాంటప్పుడు వేరియన్స్‌కి అన్‌బయాస్డ్ అంచనా దొరకదు. సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఇచ్చేది, డ్రాలు స్వతంత్రంగా జరిగాయని అనుకుని కట్టిన ఉజ్జాయింపు.