చికాగో పడమర కదా, విమానం ఉత్తరానికెందుకు పోతోంది?

హైదరాబాద్ నుంచి చికాగోకు నేరుగా విమానం నడిచిన రోజుల్లో, అంటే 2021లో, మా పిన్ని కొడుకు దగ్గరికి వెళ్తూ సీటు ముందు తెర మీది మ్యాపు ఫొటో తీసుకుంది. దిగగానే నాకు పంపించి ఫోన్ చేసింది. "ఏరా, అమెరికా పడమర కదా! వీడు కాశ్మీర్ మీదుగా రష్యా పైకి పోయి, మంచుదేశాలన్నీ చుట్టి దింపాడు. పెట్రోలు దండగ కాదూ?" అని. దండగ కాదు పిన్నీ, అదే దగ్గర దారి అన్నాను. నమ్మలేదు. మ్యాపు మీద స్కేలు పెట్టి దూరం కొలవడం నేర్పిన బళ్ళో చదువుకున్నవాళ్ళు ఎవరూ వెంటనే నమ్మరు. గోడకు వేలాడే ప్రపంచపటం మీద హైదరాబాద్ నుంచి చికాగోకు స్కేలు పెట్టి గీత గీస్తే అది అరేబియా సముద్రం, సౌదీ, ఈజిప్టు, అల్జీరియా, మొరాకో దాటి, అట్లాంటిక్ మీదుగా న్యూజెర్సీ దగ్గర ఒడ్డెక్కి చికాగో చేరుతుంది. తిన్నగా ఉంది కాబట్టి అదే దగ్గరని మన కన్ను తీర్మానించేస్తుంది.

ఆ స్కేలు గీత పేరు రంబ్ లైన్. దాని గుణం ఒక్కటే: దాని మీద పోతున్నంతసేపూ దిక్సూచి ఒకే అంకె చూపిస్తుంది. మెర్కేటర్ 1569లో తన ప్రపంచపటాన్ని కావాలనే అలా సాగదీసి గీశాడు, ఒకే దిక్కున పోయే దారి కాగితం మీద సరళరేఖగా కనిపించాలని. మన గోడపటాల్లో చాలా ఆ బాపతువే. భూమధ్యం గుండా కోసే తలం భూమి పైన గీసే వృత్తం ఇంకొకటి, అది గ్రేట్ సర్కిల్. మన పుస్తకాల్లో మహావృత్తం అంటారు. రెండు ఊళ్ళ మధ్య గోళం మీద దారం బిగించి లాగితే అది ఆ వృత్తం మీదే కూర్చుంటుంది. దగ్గర దారి అదే. ఈ రెండూ వేర్వేరని పోర్చుగల్‌కు చెందిన పెడ్రో నూనెష్ 1537లోనే రాశాడు.

ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. నాకు ఇష్టమైన సంగతి వేరే ఉంది. ఒకే దిక్కుకు పోవడమంటే తిన్నగా పోవడమని మనం అనుకుంటాం చూడండి, అది అబద్ధం. ఒకే దిక్కుకు పోవడమంటే ఆగకుండా మలుపు తిరుగుతూ ఉండడం.

ఉత్తర ధ్రువం దగ్గర ఒక ధ్వజస్తంభం పాతారనుకోండి. మీరు దానికి పది అడుగుల దూరంలో నిలబడ్డారు. ఇప్పుడు పడమరకే, అచ్చంగా పడమరకే నడవండి. పడమరకు నడిచేవాడికి ఉత్తరం ఎప్పుడూ కుడిచేతి వైపే ఉండాలి. ఉత్తరమంటే ఆ స్తంభమే. స్తంభాన్ని కుడివైపు ఉంచుకుని నడవడాన్ని ఏమంటాం? ప్రదక్షిణ అంటాం! మీరు ఒకే దిక్కుకు నడుస్తున్నాననుకుంటారు గానీ నిజానికి గుండ్రంగా తిరుగుతున్నారు. ఇప్పుడు స్తంభానికి అవతల సరిగ్గా ఎదురుగా ఉన్న మనిషిని కలవాలంటే సగం ప్రదక్షిణ చేస్తారా, స్తంభం పక్కనుంచి అడ్డంగా దాటిపోతారా? సగం ప్రదక్షిణ అంటే 31 అడుగుల పైచిలుకు, అడ్డదారి 20 అడుగులు. ఒకటికి ఒకటిన్నర పైన, కచ్చితంగా చెప్పాలంటే 1.57 రెట్లు.

స్తంభానికి దూరం జరిగేకొద్దీ ఈ నిష్పత్తి తగ్గుతుంది. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా ఉన్న రెండు చోట్లు తీసుకోండి. ఆ అక్షాంశం వెంట సగం చుట్టు తిరిగితే 10,000 కిలోమీటర్లు, ధ్రువం మీదుగా పోతే 6,670. అంటే ఒకటిన్నర రెట్లు. కిందికి దిగి భూమధ్యరేఖ మీదికి వస్తే తేడా సున్నా, ఎందుకంటే ఆ రేఖే ఒక మహావృత్తం, దాని మీద పడమరకు పోయేవాడు ఎటూ వంగనక్కర్లేదు.

పిన్ని విమానం సంగతికొద్దాం. హైదరాబాద్ విమానాశ్రయం 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. చికాగోది 41.98 ఉత్తరం, 87.90 పడమర. రెండింటి రేఖాంశాల మధ్య తేడా 166.33 డిగ్రీలు, అంటే సగం ప్రదక్షిణకు కాస్త తక్కువ. మహావృత్తం మీద దూరానికి సూత్రం ఇదీ:

```
cos d = sin φ1 · sin φ2 + cos φ1 · cos φ2 · cos Δλ
```

d డిగ్రీల్లో దూరం, φలు అక్షాంశాలు, Δλ రేఖాంశాల తేడా. లెక్క కడితే కుడివైపు -0.4916 వస్తుంది, అంటే d సుమారు 119.45 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీకి 111.2 కిలోమీటర్లు కాబట్టి దూరం 13,280 కిలోమీటర్లు. (భూమి అచ్చమైన గోళం కాదు గనక ఇందులో కొన్ని కిలోమీటర్లు అటూ ఇటూ అవుతాయి, మన పనికి అది అడ్డం కాదు.) రంబ్ లైన్ మీద, అంటే ఉత్తరం సున్నా, తూర్పు 90గా లెక్కించే దిక్సూచిని 280 డిగ్రీల దగ్గర పెట్టి అది కదలకుండా పోతే, 16,110 కిలోమీటర్లు. తేడా 2,830. నూటికి 21 వంతులు ఎక్కువ. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో మూడు గంటల పైన అదనం. "పెట్రోలు దండగ" ఏ దారిలోనో చూశావా పిన్నీ!

ఆ దగ్గర దారిలో దిక్సూచి ఎలా తిరుగుతుందో చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. బయల్దేరేటప్పుడు ముక్కు 348 డిగ్రీల వైపు, అంటే దాదాపు సూటిగా ఉత్తరానికి. కాశ్మీర్, ఉరల్ పర్వతాల ప్రాంతం, బారెంట్స్ సముద్రం, స్వాల్బార్డ్ దీవులు. గ్రీన్‌లాండ్ ఒడ్డుకు చేరబోయే ముందు 79 డిగ్రీల ఉత్తరం తాకుతుంది. అక్కడ ఒక్క క్షణం అచ్చంగా పడమరకు చూస్తుంది. అక్కణ్ణుంచి కిందికి వంగి, కెనడా దాటి, చికాగో చేరేసరికి ముక్కు 195 డిగ్రీల వైపు ఉంటుంది, అంటే దక్షిణానికి! ఉత్తరానికి బయల్దేరి, స్టీరింగు ఎటూ తిప్పకుండా తిన్నగా పోతూ, దక్షిణానికి తిరిగి దిగడం. మారింది విమానం కాదు, దాని కింద దిక్కులు మారాయి.

ఇక్కడ ఒక పిడకలవేట. చికాగోలో అపార్ట్‌మెంట్ కొనేటప్పుడు కూడా వాస్తు చూసేవాళ్ళు మనవాళ్ళలో తక్కువేం కాదు. పిన్ని అక్కడ రోజూ పొద్దున్నే స్వామివారి వైపు తిరిగి దండం పెట్టుకుంటానంది. తిరుపతి ఎటువైపు? ఇండియా తూర్పున ఉంది కదా అని తూర్పుకు తిరుగుతుంది. గోడపటం లెక్కకు అది దాదాపు సరే. దారం లెక్కకు మాత్రం ఉత్తరానికి తిరిగి, తూర్పు వైపు 15 డిగ్రీలు జరగాలి. ఇది హాస్యానికి కాదు. ఉత్తర అమెరికాలో మసీదులు కట్టేటప్పుడు మక్కా దిక్కు గురించి సరిగ్గా ఈ చర్చే నడిచింది. న్యూయార్క్ నుంచి గోడపటం మీద మక్కా తూర్పుకు కాస్త దక్షిణంగా కనిపిస్తుంది, మహావృత్తం లెక్కన ఈశాన్యానికి, ఉత్తరం నుంచి సుమారు 58 డిగ్రీలకు వస్తుంది. అక్కడ ఎక్కువమంది పాటించేది రెండోదే.

మరి రంబ్ లైన్‌తో పనే లేదా అంటే, ఉంది. ఓడ నడిపేవాళ్ళు ఇప్పటికీ దాని మీదే నడుపుతారు. విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 1,215 కిలోమీటర్లు. రెండు దారుల మధ్య తేడా ఎంతో తెలుసా? 90 మీటర్లు! కిలోమీటర్లు కాదు, మీటర్లు. ఓడ పొడవంత కూడా ఉండకపోవచ్చు. రెండు కారణాలు. ఒకటి, మనం భూమధ్యరేఖకు దగ్గర, ఇక్కడ ప్రదక్షిణ వంపు తక్కువ. రెండోది అసలు కిటుకు. ఈ తేడా దూరంతో పాటు మామూలుగా పెరగదు, దాదాపు దూరం ఘనంతో పెరుగుతుంది. దూరం రెట్టింపైతే తేడా ఎనిమిది రెట్లు. దీన్నే తిరగేసి చదివితే, దారిని ముక్కలు చేస్తే తేడా మాయమైపోతుంది.

యొకొహామా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దారి చూడండి. టోక్యో అఖాతం బయటి నుంచి లెక్కిస్తే రంబ్ లైన్ మీద 4,709 నాటికల్ మైళ్ళు, మహావృత్తం మీద 4,471. తేడా 238 మైళ్ళు, 15 నాట్ల, అంటే గంటకు 15 నాటికల్ మైళ్ళ, వేగంతో పోయే ఓడకు దాదాపు 16 గంటలు. కానీ మహావృత్తం మీద పోవాలంటే ప్రతి నిమిషం దిక్కు మార్చాలి, ఏ చుక్కాని మనిషీ ఆ పని చెయ్యలేడు. అందుకని ఏం చేస్తారంటే, నోమోనిక్ అనే ఇంకో రకం పటం తీస్తారు, దాని మీద మహావృత్తం సరళరేఖగా వస్తుంది. దాని మీద స్కేలుతో గీత గీసి, ప్రతి ఐదో పదో డిగ్రీల రేఖాంశం దగ్గర అక్షాంశం చదువుకుని, ఆ చుక్కల్ని మెర్కేటర్ పటం మీదికి ఎక్కించి, చుక్కకూ చుక్కకూ మధ్య మామూలు రంబ్ లైన్లు గీస్తారు. ఒక ముక్క మీద ఒకే దిక్కు, చుక్క చేరగానే కొత్త అంకె. పది ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో తేడా సుమారు వెయ్యో వంతుకు పడిపోతుంది, ముక్కలు పది కాబట్టి మొత్తం మీద నూరో వంతు మిగులుతుంది. 238 మైళ్ళ నష్టం మూడు మైళ్ళ లోపుకు వచ్చేస్తుంది. ఇప్పుడు కంప్యూటర్ ఆ చుక్కలు పెడుతుంది గానీ పద్ధతి అదే.

అలాగని ఆ 235 మైళ్ళ లాభం ఎప్పుడూ చేతికి వస్తుందనుకోకండి. ఆ దారి 48 డిగ్రీల ఉత్తరం దాకా ఎక్కుతుంది, అది అలాస్కా పక్కనున్న అల్యూషియన్ దీవులకు కాస్తే కింద. చలికాలంలో అక్కడ తుఫాను తరవాత తుఫాను. పెద్ద అలల్లో ఓడ వేగం నాలుగైదు నాట్లు పడిపోయిందంటే మిగిలిన 16 గంటలూ అక్కడే ఖర్చు, కంటైనర్లకు వేసిన కట్ల టెన్షన్ అదనం. అందుకే కెప్టెన్ ఒక గీత పెట్టుకుంటాడు, ఉదాహరణకు 43 డిగ్రీలు దాటి పైకి పోను అని. ఆ గీత తగిలేదాకా ఒక మహావృత్తం, తరవాత ఆ అక్షాంశం వెంట నేరుగా తూర్పుకు, మళ్ళీ కిందికి ఇంకో మహావృత్తం.

విమానాలదీ అంతే. జపాన్ నుంచి అమెరికాకు పోయే విమానం పడమటి నుంచి వీచే జెట్ స్ట్రీమ్ గాలిని పట్టుకోవడానికి మహావృత్తం కంటే చాలా కిందుగా పోతుంది, తిరిగి వచ్చేటప్పుడు అదే గాలిని తప్పించుకోవడానికి పైకి జరుగుతుంది. 2022 నుంచి అమెరికా కంపెనీల విమానాలకు రష్యా ఆకాశం మూసేశారు కాబట్టి, దారం ఎక్కడ బిగిసినా వాళ్ళు చుట్టూ తిరిగే పోవాలి. పిన్ని పంపిన ఫొటోలో గీత కూడా నా లెక్కతో అచ్చంగా కలవలేదు, కాస్త పక్కకు జరిగి ఉంది. ఆ రోజు గాలి అటు బాగుండి ఉంటుంది.