నిఘంటువులో లేనిదంతా కొత్త మాట కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: టెక్స్టులో ఉండి నిఘంటువులో లేని మాటల్ని ఏరితే కొత్త పదాల జాబితా వచ్చేస్తుంది.

ఏరడం తేలికే. టెక్స్టులోని మాటల్ని ఒక ఫైల్లో, నిఘంటువు మాటల్ని మరో ఫైల్లో వరుసకొకటి చొప్పున పెట్టి, రెండింటినీ ఒకే పద్ధతిలో సార్ట్ చేసి పోలిస్తే చాలు:

```
LC_ALL=C sort -u words.txt > w
LC_ALL=C sort -u dict.txt > d
LC_ALL=C comm -23 w d > missing.txt
```

కానీ చేతికొచ్చేది కొత్త పదాల జాబితా కాదు, అనుమానితుల జాబితా. అందులో ఎక్కువ భాగం అచ్చుతప్పులు, పేర్లు, అన్నింటికన్నా ఎక్కువగా పాత మాటలకు విభక్తులు తగిలిన రూపాలు. నిఘంటువులో 'పుస్తకం' ఉంటుంది కానీ 'పుస్తకాలలోనూ' ఉండదు కదా.

దానికన్నా ముందు చూడాల్సింది మాటల్ని ఎలా విడగొట్టామన్నది. పైథాన్‌లో `re` మాడ్యూల్‌తో `\w+` అని రాస్తే గుణింతపు గుర్తులు, పొల్లు అక్షరాల లెక్కలోకి రావు. 'పుస్తకాలు' కాస్తా 'ప', 'స', 'తక', 'ల' అని నాలుగు ముక్కలవుతుంది. జాబితాలో ఇలాంటి ఒంటి అక్షరాలు గుంపులుగా కనిపిస్తే తప్పు ఇక్కడే జరిగిందని అర్థం. తెలుగుకు `[\u0C00-\u0C7F\u200C]+` అని ఇవ్వాలి.

ఉదాహరణకు 2020 నాటి వార్తల్ని అంతకుముందు తయారైన నిఘంటువుతో పోల్చామనుకుందాం. 'క్వారంటైన్', 'క్వారంటైన్‌లో', 'క్వారంటైన్లో', 'క్వారంటైన్‌కి', 'క్వారెంటైన్' అన్నీ వేర్వేరు మాటలుగా బయటపడతాయి. రెండోదానికీ మూడోదానికీ తేడా మధ్యలో కంటికి కనబడని U+200C అన్న గుర్తు మాత్రమే. పోలిక కోసం దాన్ని తీసేసి (అసలు రూపాన్ని పక్కన దాచుకుని), యూనికోడ్‌ను NFC రూపంలోకి మార్చి, చివరి 'లో', 'కి' కత్తిరిస్తే నాలుగు ఒక్కటవుతాయి. 'క్వారెంటైన్' మాత్రం మిగులుతుంది. ఒక్క అక్షరం తేడా ఉన్న జతల్ని విడిగా చూపించుకుని మనిషే కలపాలి. ఈ పని చేయకపోతే ఒకే మాట లెక్క ఐదు చోట్ల చీలిపోయి, జాబితాలో ఎక్కడో అడుగున పడిపోతుంది.

అపోహ: ప్రత్యయాల్ని ఎంత గట్టిగా కత్తిరిస్తే జాబితా అంత శుభ్రమవుతుంది.

శుభ్రంగా కనిపిస్తుంది, నిజమే. దాంతోపాటు కావాల్సినవీ పోతాయి. 'పోలో' చివర 'లో' కోస్తే 'పో' మిగులుతుంది. అది నిఘంటువులో ఉంది కాబట్టి ఆట పేరు చప్పుడు లేకుండా మాయమవుతుంది. 'ఫాలో'ను కోస్తే 'ఫా' అన్న అర్థంలేని ముక్క వస్తుంది. కోశాక కనీసం రెండక్షరాలు మిగిలితేనే కోయాలన్న నియమం పెట్టుకుంటే ఈ రెండూ బతుకుతాయి. 'నాలో', 'నీలో' లాంటివి అప్పుడు జాబితాలోకి వస్తాయి కానీ అవి గుప్పెడే, చేత్తో తీసేయొచ్చు. కోసిపారేసిన వాటిలో కొన్నింటిని ఎప్పటికప్పుడు చదవడం నేను మానను. ఎందుకంటే జాబితాలో చేరిన చెత్త కంటికి కనబడుతుంది, జారిపోయిన మాట కనబడదు.

అపోహ: ఎక్కువసార్లు వచ్చిందే గట్టి అభ్యర్థి.

ఒక్క సీరియల్ నవలలో నాయిక పేరు వందల సార్లు వస్తుంది. అందుకే ఎన్నిసార్లు వచ్చిందన్నదాని కంటే ఎన్ని వేర్వేరు చోట్ల, ఎంతమంది చేతుల్లో, ఎన్ని నెలలపాటు వచ్చిందన్నది ముఖ్యం. ఏ పెద్ద సేకరణలోనైనా విడి రూపాల్లో దాదాపు సగం ఒక్కసారే కనిపిస్తాయి. వాటిని పక్కన పెట్టొచ్చు కానీ చెరిపేయకూడదు. వచ్చే ఏడాది టెక్స్టు కలిపినప్పుడు వాటిలో కొన్ని పైకి లేస్తాయి.

పేర్ల బెడద మనకు మరీ ఎక్కువ. ఇంగ్లీషులోలా పెద్దక్షరం చూసి పక్కకు తీసేసే వీలు తెలుగు లిపిలో లేదు. పక్క మాటలే ఆధారం. వెనక 'గారు', 'నగర్' వస్తుంటే పేరు కావచ్చు. 'చేశారు', 'అయింది' తరచూ వస్తుంటే, 'ట్రోల్ చేశారు' అన్నట్టు, అది వాడుకలో పాతుకుంటున్న అరువు మాట కావచ్చు. ఇది నాకు బాగా ఉపయోగపడే పరీక్ష.

అపోహ: జాబితాలోకి రాలేదంటే కొత్తది కాదు.

ఈ పద్ధతికి అసలైన హద్దు ఇదే. 'రీల్స్' చివరి 'స్' తీస్తే 'రీల్' వస్తుంది. సినిమా రీలు అర్థంలో అది నిఘంటువులో ఉంటే చిన్న వీడియో అన్న కొత్త అర్థం ఎప్పటికీ బయటపడదు. 'సామాజిక మాధ్యమం'లో రెండు మాటలూ పాతవే, జంట మాత్రం కొత్తది. వీటికి వేరే దారి పట్టాలి. పాత సేకరణలో 'రీల్' పక్కన ఏ మాటలున్నాయో, కొత్తదాంట్లో ఏవున్నాయో పోల్చాలి. అక్కడ 'ఫిల్ము', 'డబ్బా' ఉండి ఇక్కడ 'పోస్ట్', 'లైకులు', 'వైరల్' కనిపిస్తే ఆ వాక్యాల్ని తెరిచి చదవాలి. జంట మాటలకైతే పక్కపక్కన వచ్చే రెండేసి మాటల్ని లెక్కించి, పాత సేకరణలో అరుదుగా ఉండి కొత్తదాంట్లో పెరిగిన జతల్ని చూడాలి. అక్కడ నిఘంటువుతో పని ఉండదు, పాత టెక్స్టే కొలమానం.