ల్యాప్‌టాప్ స్లో, ఫ్యాన్ గోల: రెండూ ఒకటే జబ్బు అనుకోకండి

ల్యాప్‌టాప్ రిపేర్ పని చేస్తుంటాను కాబట్టి రోజూ వినే మాటలు కొన్ని ఉంటాయి, వాటిలో ఎంత నిజముందో ఒక్క కేసు పెట్టుకుని చెప్తా.

అపోహ: ఆన్ అవ్వడం లేటు, ఫ్యాన్ మోత, అంటే వైరసే. ఫార్మాట్ కొడితే రెండూ పోతాయి.

మొన్నొకాయన ఆరేళ్ల ల్యాప్‌టాప్ తెచ్చి "రెండుసార్లు ఫార్మాట్ కొట్టించానండీ, వారం బాగుంటది, మళ్లీ మామూలే" అన్నాడు. స్క్రూడ్రైవర్ తీసే ముందు నేను చేసేది ఒకటే, ఆన్ చేసి పది నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా వదిలేసి, తర్వాత Ctrl+Shift+Esc కొట్టి టాస్క్ మేనేజర్‌లో CPU, Disk ఎంతెంత ఉన్నాయో చూడ్డం (తెరిచిన మొదటి కొన్ని సెకన్లు CPU ఊరికే ఎగురుతుంది, అది పట్టించుకోకండి). ఆయన దాంట్లో CPU 5% దగ్గరుంది, Disk మాత్రం 100% దగ్గర కదలకుండా కూర్చుంది, ఫ్యానేమో హోరు.

CPU ఖాళీగా ఉన్నా ఫ్యాన్ అరుస్తోందంటే లోపలి వేడి బయటికి పోవట్లేదని అర్థం. Disk 100% అనేది వేరే గొడవ, హార్డ్ డిస్క్ ఎంత కష్టపడినా ఫ్యాన్ అంత మోగదు. అంటే ఇక్కడ జబ్బులు రెండు, ఫార్మాట్‌తో రెండూ తగ్గవు. అదే CPU కూడా 40-50% దగ్గరే ఉండిపోతే అప్పుడు CPU కాలమ్ మీద క్లిక్ చేస్తే తినేస్తున్న ప్రోగ్రామ్ పేరు పైకొస్తుంది, తప్పు దానిది. పెద్ద అప్‌డేట్ పడిన రోజు గంటా రెండు గంటలు అలా ఉండటం మామూలే.

అపోహ: మోగుతోందంటే ఫ్యాన్ పోయింది. లేదా, బయట్నుంచి గట్టిగా ఊదితే సరిపోతుంది.

చెవి పెట్టి వినండి. గాలి హోరు వస్తే ఫ్యాన్ బాగానే ఉంది, పాపం దాని పని అది చేస్తోంది. గరగరమనో, టకటకమనో వస్తేనే బేరింగ్ అనుమానం.

దుమ్ము ఎక్కడుంటుందో తెలిస్తే ఊదితే ఎందుకు పోదో తెలుస్తుంది. ఫ్యాన్‌కీ, గాలి బయటికెళ్లే సన్నటి రేకుల వరసకీ మధ్యలో, లోపలి వైపు పేరుకుంటుంది. ఈయన దాంట్లో బూడిద రంగు కంబళి ముక్కలాగా ఉంది, పట్టకారుతో లాగితే ఒక్క పీసుగా వచ్చేసింది. బయట్నుంచి ఊదితే ఆ ముక్క వెనక్కి జరిగి ఫ్యాన్ మీదే పడుతుంది, అంతే. వెనక కవర్ విప్పాలి, ముందు బ్యాటరీ కనెక్టర్ పీకాలి, గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరక్కుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే అడ్డూ అదుపూ లేకుండా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది.

ప్రాసెసర్ మీద వేడిని బయటికి లాగే పేస్ట్ ఎండి పెచ్చులుగా ఉంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బఠాణీ గింజ కన్నా కాస్త తక్కువే కొత్తది పెట్టా. పక్కన మెత్తటి థర్మల్ ప్యాడ్లు ఉన్న చోట మాత్రం పేస్ట్ పెట్టకండి, అక్కడుండే సందుని పేస్ట్ నింపలేదు.

మళ్లీ ఆన్ చేశాం. ఊరికే ఉన్నప్పుడు 78 డిగ్రీలుండే ప్రాసెసర్ 50కి దిగింది, ఫ్యాన్ ఉందా లేదా అన్నట్టు అయిపోయింది. కానీ ఆన్ అవ్వడానికి మూడున్నర నిమిషాలు ముందెంతో ఇప్పుడూ అంతే!

అపోహ: స్లోగా ఉంటే ర్యామ్ పెంచాలి.

టాస్క్ మేనేజర్‌లో Memory 90% దాటి అక్కడే ఉంటే సరే, పెంచండి. ఈయనది సగం కూడా నిండలేదు, ఇంకెంత వేసినా ఖాళీగా పడుంటుంది. అసలు కారణం తిరిగే పాత హార్డ్ డిస్క్. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న ఫైళ్లు చదువుతుంది, ఒక్కోదానికీ దాని ముల్లు అటూ ఇటూ జరగాలి. ముందు డిస్క్ హెల్త్ చూశా, హెచ్చరిక చూపించింది, కాబట్టి మొదట ఫోటోలూ ఫైళ్లూ బయటికి కాపీ చేసి ఆ తర్వాతే దాని బదులు తిరిగే భాగాలేవీ లేని ఎస్ఎస్‌డి వేశా. ఇప్పుడు పాతిక సెకన్లు.

ఎస్ఎస్‌డి ఉన్నా లేటే అంటారా, టాస్క్ మేనేజర్ స్టార్టప్ పేజీలో పైన Last BIOS time అని ఉంటుంది చూడండి. అదే ఇరవై ముప్పై సెకన్లుంటే ఆలస్యం విండోస్ మొదలవ్వక ముందే జరుగుతోంది, గుచ్చి ఉంచిన పెన్‌డ్రైవులూ అవీ తీసేసి మళ్లీ చూడండి.

అపోహ: రోజూ షట్‌డౌన్ చేస్తున్నా కదా, రోజూ ఫ్రెష్‌గానే మొదలవుతుంది.

ఆయనకి ఇదే నమ్మబుద్ధి కాలేదు. పని మొదలుపెట్టక ముందే టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్ పేజీలో CPU కింద Up time చూపిస్తే 41 రోజులుంది, "రోజూ రాత్రి ఆపుతానే!" అన్నాడు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన లోపలి భాగాన్ని డిస్క్ మీద దాచుకుని పొద్దున్నే దాన్నే తిరిగి తెచ్చుకుంటుంది, దాంతోపాటు ఏ డ్రైవర్ ఇరుక్కుపోయుంటే అదీ వచ్చేస్తుంది. రీస్టార్ట్ కొడితేనే అంతా మొదట్నుంచి లోడ్ అవుతుంది. అందుకే ఏదైనా టెస్ట్ చేసే ముందు షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ చేసి Up time సున్నా నుంచి మొదలైందో లేదో చూసుకోండి.