పాలు పడవు అంటే ఏం పడదు?

మా ఇంట్లో ఇద్దరికి పాలు పడవు. ఒకరు మా నాన్న, వయసు 64. రెండోది మా చెల్లెలి కూతురు, రెండేళ్ల పాప. ఇద్దరి గురించీ అమ్మ ఒకే మాట అంటుంది: "వీళ్లకి పాలు పడవు." నేను డైటీషియన్‌ని కాబట్టి ఈ మాట దగ్గర కాస్త ఆగుతాను. నాన్నకు పడనిది పాలలోని చక్కెర. పాపకు పడనిది పాలలోని ప్రోటీన్. ఈ తేడా తెలియకపోతే నాన్నకు మహా అయితే పొద్దున్నంతా కడుపు ఇబ్బందిగా ఉంటుంది. పాపకు మాత్రం ప్రాణం మీదికి రావచ్చు.

నాన్న సంగతి ముందు చెబుతాను. పొద్దున్నే పెద్ద గ్లాసు పాలు తాగడం ఆయనకు చిన్నప్పటి అలవాటు. నాలుగైదేళ్లుగా తాగిన గంటకల్లా కడుపు ఉబ్బరం, గుడగుడ, ఒక్కోసారి నీళ్ల విరేచనం. మధ్యాహ్నం పెరుగన్నం తింటే మాత్రం ఏమీ కాదు. "పాలు పడనప్పుడు పెరుగెలా పడుతుంది?" అని ఆయన ప్రశ్న. జవాబు కూడా ఆ ప్రశ్నలోనే ఉంది.

పాలలో లాక్టోస్ అనే చక్కెర ఉంటుంది, 100 మిల్లీలీటర్లకు దాదాపు 5 గ్రాములు. అది ఉన్నది ఉన్నట్టుగా రక్తంలోకి వెళ్లదు. చిన్నపేగు లోపలి గోడ మీద ఉండే లాక్టేస్ అనే ఎంజైము దాన్ని గ్లూకోజ్‌గా, గెలాక్టోజ్‌గా విడగొట్టాలి. తల్లిపాలు తాగే వయసులో ఈ ఎంజైము పుష్కలంగా ఉంటుంది. పెద్దయ్యే కొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. ప్రపంచంలో మూడింట రెండు వంతుల మంది పెద్దలది ఇదే పరిస్థితి. పెద్దయ్యాక కూడా ఎంజైము తగ్గకుండా ఉంచే జన్యు మార్పు మన దేశంలో వాయవ్య ప్రాంతాల వాళ్లలో ఎక్కువ, దక్షిణాదిన తక్కువ. అందుకే దీన్ని నేను జబ్బు అనను. నాన్నకు వచ్చింది వయసుతో పాటు వచ్చే మార్పు, అంతే.

విడిపోని లాక్టోస్ పెద్దపేగుకు చేరి నీటిని తనవైపు లాగుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తుంది. ఉబ్బరం, విరేచనం అందుకే. పెరుగు తోడుకునేటప్పుడు ఆ లాక్టోస్‌లో కొంత భాగాన్ని తోడులోని బ్యాక్టీరియా ముందే తినేస్తుంది. మిగిలినదాన్ని విడగొట్టే ఎంజైమును కూడా వెంట తెచ్చి పేగులో సాయం చేస్తుంది. పెరుగన్నం నాన్నకు పడేది ఇందుకే. పనీర్ చేసేటప్పుడు లాక్టోస్ చాలావరకు విరుగుడు నీళ్లతో పోతుంది. నెయ్యిలో దాదాపు ఉండదు. కోవాలో మాత్రం నీళ్లు ఇగిరిపోయి లాక్టోస్ చిక్కబడుతుంది కాబట్టి, పాలకోవా రెండు బిళ్లలు తిన్న రోజు ఆయనకు గ్లాసు పాలు తాగినట్టే ఉంటుంది.

ఇక్కడ మోతాదే ముఖ్యం. లాక్టేస్ తక్కువ ఉన్నవాళ్లలో చాలామంది ఒక్కసారికి 12 గ్రాముల లాక్టోస్ వరకు పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. అంటే సుమారు పావు లీటరు పాలు. నాన్న తాగే పెద్ద గ్లాసు అంతకన్నా ఎక్కువ, అదీ పరగడుపున. కాఫీలో పోసే 50 మిల్లీలీటర్ల పాలతో వెళ్లేది రెండున్నర గ్రాములే. రెండు వారాల పాటు పాలు పూర్తిగా మాన్పించి, తర్వాత అర గ్లాసు చొప్పున టిఫిన్ తిన్నాక ఇచ్చి చూశాం. మానినప్పుడు ఉబ్బరం పోయింది. అర గ్లాసుకు రాలేదు, గ్లాసున్నరకు మళ్లీ వచ్చింది. అనుమానం తీరకపోతే లాక్టోస్ తాగించి ఊపిరిలో హైడ్రోజన్ కొలిచే పరీక్ష ఉంది. మా నాన్నకు అంతదాకా అక్కర్లేకపోయింది. ఒక మాట మాత్రం చెప్పాలి. బరువు తగ్గడం, మలంలో రక్తం, రాత్రిళ్లు నిద్రలేపే విరేచనాలు ఉంటే వాటిని లాక్టోస్ మీదికి నెట్టేయకూడదు. డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు పాప. ఏడో నెల వరకు తల్లిపాలే. ఒక మధ్యాహ్నం మొదటిసారి డబ్బాపాలు కలిపి నాలుగు చెంచాలు పట్టారు. పది నిమిషాల్లో నోటి చుట్టూ ఎర్రగా దద్దుర్లు లేచాయి, పెదవి వాచింది, తాగినదంతా కక్కేసింది. అదృష్టవశాత్తూ ఊపిరికి ఇబ్బంది రాలేదు.

దీనికీ ఎంజైముకూ సంబంధం లేదు. పాలలోని కేసిన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్ వంటి ప్రోటీన్లను పాప రోగనిరోధక వ్యవస్థ శత్రువులుగా చూసింది. వాటికి వ్యతిరేకంగా ముందే తయారైన ఐజీఈ అనే యాంటీబాడీలు, చర్మంలోనూ పేగులోనూ ఉండే కొన్ని కణాల నుంచి హిస్టమిన్‌ను ఒక్కసారిగా విడుదల చేయించాయి. అందుకే నిమిషాల్లో దద్దుర్లు, వాపు, వాంతి. ఇందులో "కొంచెమే కదా" అనడానికి లేదు. కొందరు పిల్లలకు ఒక్క చెంచా కూడా ఎక్కువే.

ఆ వారంలో ఇంటికి వచ్చిన సలహాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. పక్కింటి పెద్దమ్మ మేకపాలు పట్టమన్నారు. మా మేనమామ 'లాక్టోస్ ఫ్రీ' అని రాసి ఉన్న పాల ప్యాకెట్ తెచ్చారు. అమ్మ పెరుగు నాకించి చూద్దామంది. అందరూ ప్రేమతో చెప్పినవే, కానీ మూడూ ప్రమాదమే. మేకపాల ప్రోటీన్లు, గేదెపాల ప్రోటీన్లు ఆవుపాల వాటిని చాలా పోలి ఉంటాయి. ఆవుపాల అలెర్జీ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి అవీ పడవు. పెరుగులో తగ్గేది చక్కెర మాత్రమే, కేసిన్ ఎక్కడికీ పోదు. ఇక పనీర్ అంటే గట్టిపడిన కేసినే. లాక్టోస్ ఫ్రీ పాలలో చక్కెరను ముందే విడగొట్టి ఉంచుతారు, ప్రోటీన్ మొత్తం అలాగే ఉంటుంది. ఆ ప్యాకెట్ నాన్నకు బాగా పనికొస్తుంది, పాపకు విషంతో సమానం. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల జరిగే తప్పుల్లో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే.

పిల్లల డాక్టరు చర్మం మీద చుక్క వేసి సూదితో గుచ్చే ప్రిక్ టెస్ట్, రక్తంలో ఐజీఈ పరీక్ష రెండూ చేయించారు. ఈ పరీక్షలు ఒక్కటే నిర్ణయించవు, జరిగిన కథతో కలిపి చూడాలి. మా విషయంలో రెండూ కలిశాయి. చెల్లెలు రోజూ పెరుగు తింటున్నా తల్లిపాలతో పాపకు ఎప్పుడూ ఏమీ కాలేదు కాబట్టి, చెల్లెలు తన తిండిలో పాలూ పెరుగూ మానాల్సిన పని లేదన్నారు, తల్లిపాలు కొనసాగించమన్నారు. తల్లిపాలు చాలని పిల్లలకు, ప్రోటీన్‌ను చిన్నచిన్న ముక్కలుగా విరగ్గొట్టిన ప్రత్యేకమైన డబ్బాపాలు డాక్టరు రాస్తారు. ఏడాది లోపు బిడ్డకు వాటి బదులు బాదం పాలో, బియ్యం పాలో పట్టడం సరికాదు. వాటితో బిడ్డ ఎదుగుదలకు కావలసినవి అందవు.

పొరపాటున పాలు కడుపులోకి వెళ్లి ఆయాసం, పిల్లికూతలు, గొంతు బొంగురుపోవడం, బిడ్డ వాలిపోవడం లాంటివి కనిపిస్తే, తొడ కండరానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి. అలెర్జీ సిరప్ పట్టి కూర్చోకూడదు, అది దురదను తగ్గిస్తుంది కానీ ఊపిరిని కాపాడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. చెల్లెలి ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఈ మూడు వాక్యాలూ రాసి అతికించాం. కొనే ప్రతి బిస్కెట్ ప్యాకెట్ వెనకా మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసినేట్ అనే పేర్ల కోసం వెతుకుతాం. నెయ్యిలో కూడా ప్రోటీన్ జాడలు మిగలవచ్చు కాబట్టి అదీ డాక్టరు చెప్పేదాకా ఆపాం.

ఇక కాల్షియం. నాన్నకు పెరుగు, మజ్జిగ ఉన్నాయి కాబట్టి ఆయన గురించి నాకు బెంగ లేదు. పాపకు పాల జాడ లేకుండా రోజుకు 500 మిల్లీగ్రాములు అందించాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు కావలసింది అంత. పెద్దలకు 1000.

చెల్లెలు ముందుగా పాలకూర పప్పు మొదలుపెట్టింది. పేరులో పాలున్నా పాలకూర కాల్షియం మనకు అందేది అతి తక్కువ. అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని గట్టిగా పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. పాల కాల్షియంలో దాదాపు మూడో వంతు ఒంటికి పడితే, పాలకూరది నూటికి అయిదు పాళ్లే. మంచి కూరే, కానీ కాల్షియం లెక్కలో వేయకూడదు. ఆవ, ముల్లంగి జాతి ఆకుల్లో ఆక్సలేట్ తక్కువ.

మన ప్రాంతంలో దీనికి మొదటి ఆసరా రాగులు. 100 గ్రాముల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రాగుల్లో ఫైటేట్ కూడా ఉంది, అదీ కొంత కాల్షియాన్ని బిగించేస్తుంది. నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తే అది తగ్గుతుంది. పిండిని రాత్రి పులియబెట్టి పొద్దున్నే కాచే అంబలిలోనూ అంతే. పాపకు ఇప్పుడు రోజుకు 40 గ్రాముల మొలక రాగి పిండి జావగానో, సంకటిగానో పోతోంది. అది సుమారు 145 మిల్లీగ్రాములు. ఒక చెంచా నువ్వుల పొడి అన్నంలో కలిపితే మరో 65. (నువ్వులకూ కొందరికి అలెర్జీ ఉంటుంది, పాపకు మొదట చిటికెడుతో మొదలుపెట్టాం.) ఉలవల చారు కాదు, ఉడికించిన ఉలవలే మెదిపి పెడితే, 20 గ్రాముల గింజలకు 50. గుప్పెడు మునగాకు పప్పులో వేస్తే 45. కాల్షియం కలిపిన సోయా పాలు 150 మిల్లీలీటర్లు తాగితే 180. ప్యాకెట్ మీద 100 మిల్లీలీటర్లకు 120 అని ఉన్న రకం తీసుకున్నాం. కాల్షియం కలపని సోయా పాలలో ఇందులో కొద్ది భాగమే ఉంటుంది. కలిపిన రకంలో అది అడుగున పేరుకుంటుంది కాబట్టి పోసే ప్రతిసారీ బాగా గిలక్కొట్టాలి. అంతా కలిపితే 485. నెత్తళ్లు ముల్లుతో సహా మెత్తగా వండిన రోజు 500 దాటిపోతుంది. ముల్లు తీసేస్తే కాల్షియం కూడా ముల్లుతోనే పోతుంది.

కాల్షియం పేగు దాటాలంటే విటమిన్ డి కావాలి. పాపకు అది చుక్కల రూపంలో డాక్టరే రాశారు. పాలే ముట్టని పెద్దలకు మాత్రలు అవసరమైతే అట్ట మీద అంకె జాగ్రత్తగా చదవాలి. 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ మాత్రలో అసలు కాల్షియం 500. అది భోజనంతో వేసుకుంటేనే బాగా పడుతుంది, ఒకేసారి రెండు మింగితే రెండోదాంట్లో ఎక్కువ భాగం వృథా. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఈ రెండింటికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఇవ్వాలి.

పాలు అలెర్జీ అయిన పిల్లల్లో ఎక్కువమందికి పెద్దయ్యే కొద్దీ అది పోతుంది. పోయిందో లేదో ఇంట్లో చూడకూడదు. కిందటి నెల పాపను ఆసుపత్రిలో ఒక పూటంతా కూర్చోబెట్టి, పాలు కలిపి అరగంట ఓవెన్‌లో కాల్చిన కేకు ముక్కను రవ్వంత నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ తినిపించారు. అంత వేడికి పాల ప్రోటీన్లలో కొన్ని రూపం మారి, గోధుమ పిండితో కలిసిపోతాయి. అలా కాల్చినదాన్ని తట్టుకునే పిల్లలు చాలామందే ఉంటారు. పాప మొత్తం తినేసింది, ఒక్క దద్దురు లేవలేదు. ఇప్పుడు వారానికి మూడుసార్లు ఆ కేకు ఇస్తున్నాం. కాచిన పాలు, పెరుగు ఇంకా ఇవ్వట్లేదు. వాటి పరీక్ష వచ్చే ఏడాది పెడతామన్నారు.